జర్మన్ పాఠ్యపుస్తకపు విషయసూచిక, పదసూచికల ఫొటో చూసి అధ్యాయాన్ని పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీకి మెకానికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చే మన విద్యార్థులలో చాలామందికి పాఠాలు ఇంగ్లీషులోనే జరుగుతాయి. అయినా ప్రొఫెసరు ఇచ్చే పుస్తకాల జాబితాలో జర్మన్ పుస్తకం ఒకటో రెండో తగులుతూనే ఉంటాయి. అప్పుడు విద్యార్థి గ్రంథాలయానికి వెళ్లి, పుస్తకం ముందున్న విషయసూచికనూ చివరనున్న పదసూచికనూ ఫోనుతో ఫొటో తీసి, "నాకు కావలసింది ఇందులో ఎక్కడుందో చెప్పగలరా?" అని పంపుతాడు. అలా వచ్చిన ఫొటోలను చూసి జవాబులు రాస్తూ వచ్చాను. అడిగేవారు మారినా సందేహాలు మారడం లేదు కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట కూర్చాను.

ఉదాహరణలన్నీ యంత్రభాగాల పాఠ్యపుస్తకం నుంచే తీసుకున్నట్టు రాశాను, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఆ పుస్తకాల దగ్గరే. చూపిన సూచిక వరుసలను అటువంటి పుస్తకాల పద్ధతిలో నేనే కూర్చాను. వాటిలోని పేజీ సంఖ్యలు వివరణ కోసమే.

## ఫొటో తీసేటప్పుడు

ఏయే పేజీలను ఫొటో తీయాలి? విషయసూచిక ఒక్కటి సరిపోదా?

సరిపోదు. ముందుగా పుస్తకం పేరున్న పేజీని, దాని వెనుక వైపును తీయాలి. అక్కడ ఔఫ్లాగె అనే మాట, దాని ముందు ఒక సంఖ్య ఉంటాయి. అది ఎన్నో కూర్పో తెలిపే మాట. తరువాత విషయసూచికలోని పేజీలన్నిటినీ వరుస తప్పకుండా తీయాలి. యంత్రభాగాల వంటి పెద్ద పుస్తకంలో విషయసూచికే పది పేజీలు దాటవచ్చు, విద్యార్థులు మొదటి రెండు పేజీలు తీసి ఆపేస్తారు.

పదసూచిక విషయంలో దాని మొట్టమొదటి పేజీ తప్పనిసరి. లావు అక్షరాల్లో ఉన్న పేజీ సంఖ్యకు అర్థమేమిటో, వాలు అక్షరాల సంఖ్య దేనికో కొన్ని పుస్తకాలు ఆ పేజీ నెత్తిన రెండు వరుసల్లో చెబుతాయి. ఆ రెండు వరుసలు లేకపోతే మిగిలిన పేజీలను ఊహతో చదవవలసి వస్తుంది. ఆ తరువాత మీకు కావలసిన మాట మొదటి అక్షరం ఉన్న పేజీని, దాని ముందు పేజీని, వెనుక పేజీని తీస్తే చాలు.

ఫొటోలో ఒక పక్క వంకరగా వచ్చి నీడ పడింది. అధ్యాయాల పేర్లు కనిపిస్తున్నాయి కదా, పనికిరాదా?

పేర్లు కనిపిస్తే సగం పనే అయినట్టు. విషయసూచికలో పేజీ సంఖ్యలు కుడి అంచున ఉంటాయి. పుస్తకం తెరిచినప్పుడు ఎడమ వైపున ఉండే పేజీకి కుడి అంచు సరిగ్గా కుట్టు దగ్గర, లోపలికి వంగిపోయే చోట పడుతుంది. అందువల్ల ఎడమ పేజీ ఫొటోలో పేజీ సంఖ్యలు నీడలో కలిసిపోతాయి. కుడి వైపు పేజీకి దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. అక్కడ పేజీ సంఖ్యలు బాగానే వస్తాయి కానీ ఎడమ అంచునున్న అధ్యాయ సంఖ్యలు కుట్టులోకి పోతాయి. ఏ సంఖ్య ఏ వరుసదో చూపే చుక్కల గీత వంకర తిరిగినప్పుడు ఒక వరుస సంఖ్యను పక్క వరుసకు అంటగట్టే ప్రమాదమూ ఉంది.

రెండు పేజీలను ఒకే ఫొటోలో పట్టించాలని చూడకుండా ఒక్కొక్క పేజీనే తీయాలి. తీస్తున్న పేజీ బల్లకు సమానంగా పరుచుకునేలా రెండో సగాన్ని చేత్తో కొద్దిగా పైకెత్తి పట్టుకోవాలి. ఫొటో తీశాక పెద్దది చేసి కుట్టు వైపు అంచును మాత్రమే చూడండి. అక్కడి అంకెలు చదవగలిగితే మిగిలిన పేజీ అంతా బాగున్నట్టే.

ఫొటో నుంచి అక్షరాలను గుర్తించే యాప్‌తో తీశాను. వచ్చిన మాటలు నిఘంటువులో దొరకడం లేదు. ఎందుకు?

యాప్ పేజీని ఇంగ్లీషుగా భావించి చదివితే జర్మన్ అక్షరాలను తనకు తెలిసిన ఆకారాల్లోకి మార్చేస్తుంది. ఎక్కువగా దెబ్బతినేవి రెండు: రెండు ఎస్‌ల విలువ ఉండే అక్షరం, నెత్తిన రెండు చుక్కలున్న అచ్చులు. కింది జంటల్లో ఎడమ పక్కన అచ్చయిన మాట, కుడి పక్కన యాప్ ఇచ్చే తప్పు రూపం ఉన్నాయి.

```
Schweißverbindung   SchweiBverbindung
Prüfkraft           Priifkraft
Größe               GroBe
```

మాట మధ్యలో పెద్ద అక్షరం B కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ ఆ రెండు ఎస్‌ల అక్షరమే అనుకోవచ్చు. యాప్‌లో భాషను జర్మన్‌గా పెడితే ఈ తప్పులు చాలావరకు పోతాయి.

పదసూచికతో ఇంకొక చిక్కు ఉంది. ఆ పేజీ రెండు, కొన్ని పుస్తకాల్లో మూడు నిలువు వరుసలుగా అచ్చవుతుంది. యాప్ అడ్డంగా చదివితే మొదటి నిలువు వరుసలోని మాటకు రెండో నిలువు వరుసలోని పేజీ సంఖ్య అతుక్కుంటుంది. ఈ తప్పు కంటికి తెలియదు, ఎందుకంటే మాట సరైనదే, సంఖ్యా సరైనదే, జత మాత్రమే తప్పు. ఒక్కొక్క నిలువు వరుసను విడిగా కత్తిరించి చదివించడమే దీనికి మందు.

## విషయసూచిక చదివేటప్పుడు

పుస్తకం మొదట్లో విషయసూచిక రెండుసార్లు ఉంది. ఏది చూడాలి?

రెండూ వేర్వేరు పనులకు ఉద్దేశించినవి.

```
Inhaltsübersicht
Inhaltsverzeichnis
```

మొదటిది ఒక్క చూపులో పుస్తకమంతా తెలిసేలా అధ్యాయాల పేర్లు మాత్రమే ఇచ్చే ఒక పేజీ పట్టిక. రెండోది ప్రతి అధ్యాయంలోని భాగాలను, ఉపభాగాలను విడమరిచే పూర్తి విషయసూచిక. పుస్తకం కొత్తదైతే మొదటిదానితో మొదలుపెట్టి ఏ అధ్యాయమో తేల్చుకుని, తరువాత రెండోదానిలో ఆ అధ్యాయం దగ్గరికి వెళ్లడం సుళువు. పైన ఇన్‌హాల్ట్ అన్న చిన్న మాట ఒక్కటే ఉంటే పుస్తకానికి ఒకే విషయసూచిక ఉందని అర్థం.

అధ్యాయాల ముందూ తరువాతా ఉన్న ఈ పెద్ద పెద్ద మాటలు కూడా అధ్యాయాలేనా?

కావు. వాటికి అధ్యాయ సంఖ్య ఉండదు, ముందున్నవాటి పేజీలు తరచుగా రోమన్ అంకెల్లో ఉంటాయి. ఈ అయిదింటిని గుర్తుపడితే చాలావరకు సరిపోతుంది.

```
Vorwort
Formelzeichen
Anhang
Literaturverzeichnis
Sachverzeichnis
```

మొదటిది ముందుమాట. రెండోది సూత్రాల్లో వాడిన గుర్తుల జాబితా. మూడోది అనుబంధం, నాలుగోది ఆధార గ్రంథాల పట్టిక, చివరిది పదసూచిక. పదసూచికకు కొందరు ప్రచురణకర్తలు వేరే పేర్లూ పెడతారు, ఇవి రెండూ దానికే చెందుతాయి.

```
Sachregister
Stichwortverzeichnis
```

వీటిలో విద్యార్థులు పట్టించుకోనిది, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు ఫొటో తీసుకోవలసినది గుర్తుల జాబితా. జర్మన్ పుస్తకాల్లో బలానికి F, టార్క్‌కు M లేదా T వంటి గుర్తుల పక్కన కింద చిన్న అక్షరాలుగా జర్మన్ మాటల మొదటి అక్షరాలు వేస్తారు. ఉదాహరణకు ముందుబిగింపు బలానికి F పక్కన కింద V వేస్తారు, ఎందుకంటే జర్మన్‌లో ఆ మాట V తో మొదలవుతుంది. ఆ పట్టిక చేతిలో ఉంటే భాష రాకపోయినా సూత్రం చదవవచ్చు.

ఫోనులో అనువాదం చేస్తే అధ్యాయం పేర్లు అమ్మ, ఈక, అల, గోదాము అని వస్తున్నాయి. పుస్తకమే తప్పా?

పుస్తకం సరైనదే. అనువాదానికి సందర్భం అందకపోవడమే కారణం. వాక్యంలో ఉన్న మాటకు చుట్టుపక్కల మాటలు అర్థాన్ని చూపిస్తాయి. విషయసూచికలో మాట ఒంటరిగా నిలబడుతుంది కాబట్టి యంత్రం దానికి ఇళ్లల్లో, బజారులో వాడే అర్థాన్ని ఇచ్చేస్తుంది.

```
Mutter
Feder
Welle
Lager
Spannung
```

ముట్టర్ అంటే అమ్మే, కానీ యంత్రభాగాల్లో అది బోల్టుకు బిగించే నట్టు. ఫేడర్ ఈక కూడా, స్ప్రింగు కూడా. వెల్లె అల కూడా, తిరిగే షాఫ్టు కూడా. లాగర్ గోదాము కూడా, బేరింగు కూడా. ష్పానుంగ్ అనే చివరి మాట మరీ మోసకారి, ఎందుకంటే దాని రెండు అర్థాలూ ఇంజినీరింగ్‌వే. విద్యుత్ పుస్తకంలో అది వోల్టేజి, పదార్థాల బలానికి సంబంధించిన పుస్తకంలో అది స్ట్రెస్. అనువాదంలో వోల్టేజి అని చూసి ఆ అధ్యాయాన్ని వదిలేసిన విద్యార్థి, తనకు కావలసిన స్ట్రెస్ లెక్కలన్నీ అక్కడే ఉన్నాయని పరీక్షకు రెండు రోజుల ముందు తెలుసుకున్నాడు.

అనువాదం వింతగా అనిపించినప్పుడు మాట పక్కన జర్మన్‌లో యంత్రభాగం అని అర్థమిచ్చే మషీనెన్‌ఎలెమెంట్ అనే మాటను చేర్చి బొమ్మల కోసం వెతకండి. బొమ్మలో నట్టు కనిపించిందంటే ఇక సందేహం ఉండదు.

ఒక్కో మాట ఇరవై అక్షరాలుంది. దాన్ని ఎక్కడ విడగొట్టాలి?

తెలుగు చదువుకున్నవారికి ఇది కొత్త విద్య కాదు. ఇవన్నీ మన సమాసాల వంటివే. రాజభవనం అంటే రాజు యొక్క భవనం, అది భవనమే గాని రాజు కాదు. తత్పురుష సమాసంలో లాగే జర్మన్‌లోనూ అసలు వస్తువును చెప్పేది చివరి పదం, ముందున్న పదాలు అది ఎటువంటిదో చెబుతాయి. అందుకే చివరి నుంచి మొదలుపెట్టి విగ్రహవాక్యం చెప్పుకోవాలి.

```
Schrauben|verbindung
Schweiß|verbindung
An|zieh|dreh|moment
```

ఫెర్‌బిండుంగ్ అంటే కలయిక, జోడింపు. మొదటిది బోల్టులతో చేసే జోడింపు, రెండోది వెల్డింగుతో చేసే జోడింపు. మూడోదానిలో చివరి రెండు ముక్కలు కలిసి టార్క్ అవుతాయి, ముందరి రెండు ముక్కలు కలిసి బిగించడం అవుతాయి. మొత్తం మీద బోల్టును బిగించడానికి వేసే టార్క్. మొదటి మాటలో ష్రౌబె తరువాత వచ్చిన n రెండు పదాలను కలిపే అతుకు మాత్రమే, దానికి వేరే అర్థం వెతకనవసరం లేదు. ఇటువంటి అతుకుగా ఎస్ కూడా తరచుగా వస్తుంది.

ఇంకొక రూపం చూసి చాలామంది అచ్చుతప్పు అనుకుంటారు.

```
Bolzen- und Stiftverbindungen
```

మొదటి మాట చివర గీత వేలాడుతూ ఉంది. రెండు సమాసాలకూ చివరి పదం ఒకటే అయినప్పుడు దాన్ని రెండుసార్లు రాయకుండా మొదటిచోట గీత పెట్టి వదిలేస్తారు. కాబట్టి ఇక్కడ పిన్నుల రకాలైన రెండింటి జోడింపుల గురించీ చెబుతున్నారు. మొదటి మాటను ఒంటరిగా తీసుకుని వెతకకండి, చివరి పదాన్ని దానికీ తగిలించి వెతకండి.

7.10 అనే భాగం 7.2 కంటే ముందుండాలి కదా, చివర ఎందుకుంది?

ఇవి దశాంశాలు కావు. చుక్కకు ఎడమ పక్కన అధ్యాయం, కుడి పక్కన దానిలో ఎన్నో భాగం. 7.10 అంటే ఏడో అధ్యాయంలో పదో భాగం, అది 7.9 తరువాతే వస్తుంది.

## పదసూచికలో వెతికేటప్పుడు

పదసూచిక మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇమ్మంటే కుదరదన్నారు. ఎందుకు?

పదసూచికకు బలం దాని అక్షరక్రమమే. జర్మన్ మాటలను జర్మన్ అక్షరక్రమంలో పేర్చారు. వాటిని ఇంగ్లీషులోకి మార్చగానే ఆ వరుస చెదిరిపోతుంది. S దగ్గర వరుసగా ఉన్న లూబ్రికేషన్, బోల్టు, బోల్టు జోడింపు, వెల్డింగు అనే మాటలు ఇంగ్లీషులో మూడు వేర్వేరు అక్షరాల కిందికి పోతాయి. అనువదించిన పేజీలో మీకు కావలసిన మాట ఎక్కడుందో తెలియాలంటే వందల వరుసలను మొదటి నుంచి చివరి వరకు చదవాలి. పైగా ఒంటరి మాటలకు యంత్రం ఇచ్చే అర్థం తప్పయితే ఆ వరుసను చూసి కూడా దాటిపోతారు.

దీనికి బదులు దారిని తిప్పుకోవాలి. పుస్తకాన్ని మీ భాషలోకి తేవడం కాక, మీకు కావలసిన ఒక్క మాటను పుస్తకం భాషలోకి తీసుకెళ్లాలి. ఆ జర్మన్ మాటను నిఘంటువు నుంచి కాకుండా సాధ్యమైనంతవరకు అదే పుస్తకపు విషయసూచిక నుంచి తీసుకోవడం మేలు. ఒకే భావానికి జర్మన్‌లో రెండు మూడు మాటలున్నప్పుడు రచయిత ఏది ఎంచుకున్నాడో విషయసూచిక చెబుతుంది, పదసూచికలోనూ ఎక్కువగా అదే మాట ఉంటుంది.

నెత్తిన చుక్కలున్న అక్షరాలు వరుసలో ఎక్కడ వస్తాయి? చివర వెతికినా లేవు.

మన నిఘంటువులో అ తరువాత ఆ కు విడిగా స్థానం ఉంది. స్వీడన్‌వారి అక్షరమాలలో చుక్కల అక్షరాలు చివర వస్తాయి. జర్మన్‌లో ఈ రెండూ కావు. చుక్కల అక్షరానికి సూచికలో సొంత చోటు ఉండదు, అది చుక్కలు లేని అక్షరంతోనే కలిసి నడుస్తుంది.

ఎలా కలుస్తుందనే దానికి డిఐఎన్ 5007 అనే జర్మన్ ప్రమాణంలో రెండు పద్ధతులున్నాయి. నిఘంటువుల పద్ధతిలో ä ను a గానే లెక్కిస్తారు. పేర్ల జాబితాలకు ఉద్దేశించిన రెండో పద్ధతిలో దాన్ని ae అని రాసినట్టు లెక్కిస్తారు. పాఠ్యపుస్తకాల సూచికల్లో మొదటిదే ఎక్కువగా కనిపిస్తుంది కానీ రెండోదీ తగులుతుంది. ఒకే జంట మాటలు ఏ వరుసలో ఉన్నాయో చూస్తే పుస్తకం ఏ పద్ధతిని పాటించిందో తేలిపోతుంది.

```
1:  Lager, Längspressverband
2:  Längspressverband, Lager
```

మొదటి పద్ధతిలో రెండో మాటను Lang అన్నట్టు చూస్తారు కాబట్టి అది g ఉన్న లాగర్ తరువాత వస్తుంది. రెండో పద్ధతిలో Laeng అన్నట్టు చూస్తారు కాబట్టి e వల్ల ముందుకు పోతుంది. మీ ఫొటోలో మాట ఉండవలసినచోట లేకపోతే, లేదని తీర్మానించే ముందు ae, oe, ue అని మనసులో రాసుకుని ఒకసారి వెతకండి. రెండు ఎస్‌ల విలువ ఉన్న అక్షరాన్ని మాత్రం వరుసలో ss గానే లెక్కిస్తారు.

కొన్ని వరుసల ముందు గీతలు, సంఖ్యల పక్కన f., ff. అని ఉన్నాయి. అవేమిటి?

```
Schraube
– Anziehverfahren  218 f.
– Festigkeitsklasse  211
– Vorspannkraft  217 ff.
Schraubensicherung  s. Losdrehen
```

గీత అంటే పైనున్న ప్రధాన పదం మళ్లీ వచ్చిందని అర్థం. ఇక్కడ మూడు గీతలూ బోల్టునే సూచిస్తున్నాయి: బోల్టును బిగించే పద్ధతి, బోల్టు బలం తరగతి, బోల్టు ముందుబిగింపు బలం. పేజీ సంఖ్య పక్కన ఒక f ఉంటే ఆ పేజీ, దాని తరువాతి పేజీ అని అర్థం. రెండు ఉంటే ఆ పేజీ నుంచి మొదలై ఇంకా కొన్ని పేజీలు. ఎన్ని పేజీలో సూచిక చెప్పదు, అక్కడికి వెళ్లి చూడవలసిందే. చివరి వరుసలోని చిన్న s. అంటే అక్కడ చూడు అని. అటువంటి వరుసకు పేజీ సంఖ్య ఉండదు కాబట్టి ఫొటోలో సంఖ్య చెరిగిపోయిందేమో అని కంగారుపడనవసరం లేదు. s. a. అని ఉంటే అక్కడ కూడా చూడు అని అర్థం.

గీతలతో ఒక ప్రమాదం ఉంది. నిలువు వరుస మొదట్లోనే గీత కనిపిస్తే దాని ప్రధాన పదం ముందరి నిలువు వరుస అడుగునో, ముందరి పేజీలోనో ఉండిపోయినట్టు. నాకు వచ్చిన ఒక ఫొటోలో మొదటి వరుస "– ముందుబిగింపు బలం" అని ఉంది. అది బోల్టుదో, బేరింగుదో తేల్చడానికి వీలులేకపోయింది. రెండింటికీ ఆ మాట వాడతారు.

నాకు బోల్టు బిగించే టార్క్ కావాలి. టార్క్ అనే జర్మన్ మాట దగ్గర వెతికితే షాఫ్టుల అధ్యాయానికి వెళ్లాను. తప్పు ఎక్కడ?

ఇది ఎక్కువగా జరిగే పొరపాటు కాబట్టి అడుగడుగునా చూద్దాం. టైటనింగ్ టార్క్ కావలసిన విద్యార్థి అందులో ముఖ్యమైన మాట టార్క్ అనుకుని నిఘంటువులో డ్రేమొమెంట్ అనే మాట పట్టాడు. D దగ్గర ఆ మాట ఉంది, పేజీ సంఖ్యలూ ఉన్నాయి. కానీ అవి షాఫ్టు మోసే టార్క్ గురించి చెప్పేవి.

ఇంగ్లీషులో రెండు మాటలుగా ఉన్నది జర్మన్‌లో ఒకే సమాసం. సమాసానికి అర్థాన్నిచ్చే ప్రధాన పదం చివర ఉంటుంది కానీ సూచికలో దాని చోటును నిర్ణయించేది మొదటి అక్షరం. అందువల్ల అర్థాన్ని చివరి నుంచి చదవాలి, చోటును మొదటి నుంచి వెతకాలి. ఈ సంగతి పట్టుబడితే పదసూచికలో తడబాటు చాలావరకు పోతుంది.

ఇప్పుడు విషయసూచిక ఫొటోను తీసుకుందాం.

```
7    Schraubenverbindungen .......... 203
7.1  Gewindearten ................... 204
7.2  Schrauben und Muttern .......... 209
7.3  Vorspannkraft und Anzieh-
     drehmoment ..................... 217
7.4  Sicherung gegen Losdrehen ...... 228
8    Bolzen- und Stiftverbindungen .. 235
```

బోల్టుల జోడింపు ఏడో అధ్యాయం. దానిలో థ్రెడ్ల రకాలు, తరువాత బోల్టులూ నట్టులూ, తరువాత 7.3 లో ముందుబిగింపు బలం, బిగింపు టార్క్ ఉన్నాయి. 7.3 లోని మాట వరుస చివర విరిగి కింది వరుసలోకి పోయింది. అక్కడి గీత వరుస సరిపోక వేసినది, రెండు ముక్కలనూ కలిపి ఒకే మాటగా చదవాలి. అలా కలిపితే రచయిత వాడిన మాట మన చేతికి వచ్చింది, అది D తో కాదు A తో మొదలవుతుంది. ఇక పదసూచికలో A దగ్గరికి వెళ్లాలి.

```
Anziehdrehmoment  217, 220 f.
Anziehfaktor  219
Anziehverfahren  s. Schraube
```

మొదటి వరుస విషయసూచిక చెప్పిన 217నే ధ్రువీకరించింది. అది కాక 220, 221 పేజీలను కూడా చూపింది, లెక్క అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. రెండో వరుస బిగింపు గుణకం. టార్క్ రెంచితో బిగించినా ఒక్కో బోల్టులో వచ్చే ముందుబిగింపు బలం ఒకేలా ఉండదు, ఆ హెచ్చుతగ్గులను లెక్కలోకి తెచ్చే గుణకం ఇది. అసైన్‌మెంటులో టార్క్ మాత్రమే అడిగినా 219వ పేజీని వదలకూడదు. మూడో వరుస S దగ్గరికి పొమ్మంటోంది.

ఇంత చేసినా మాట దొరకకపోతే దగ్గరి రూపాలను ప్రయత్నించాలి. కొందరు రచయితలు ఇదే మాటను మధ్య ముక్క తీసేసి పొట్టిగా రాస్తారు.

```
Anziehmoment
```

అదీ లేకపోతే ప్రధాన వస్తువైన బోల్టు దగ్గరికి వెళ్లి దాని కింద గీతలున్న వరుసలను చదవాలి. విశేషణం, నామవాచకం కలిసిన మాటలైతే సూచికలో నామవాచకాన్ని ముందు పెట్టి, కామా తరువాత విశేషణం వేసే అలవాటు ఉంది. జర్మన్‌లో నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో మొదలవుతాయి కాబట్టి రెండు మాటల్లో ఏది పెద్ద అక్షరంతో ఉందో చూసి దాని దగ్గర వెతకండి.

## పేజీ దగ్గరికి చేరాక

సూచికలో చెప్పిన పేజీ తెరిస్తే అక్కడ వేరే అధ్యాయం ఉంది. సూచికే తప్పా?

సూచిక తప్పు కావడం అరుదు. ఫొటో ఒక కూర్పుది, చేతిలోని పుస్తకం మరొక కూర్పుది కావడమే సాధారణ కారణం. ఈ పుస్తకాలు కొన్నేళ్లకోసారి కొత్త కూర్పుగా వస్తాయి. ప్రమాణాలు మారినప్పుడు లెక్కలు మారుతాయి, కొత్త భాగాలు చేరుతాయి, దాంతో పేజీలు జరుగుతాయి. ఒకసారి నేనే స్నేహితుడు పంపిన సూచిక ఫొటో చూసి పేజీలన్నీ రాసిచ్చాను. గ్రంథాలయంలో ఆ కూర్పు ప్రతిని వేరొకరు వాడుతుండటంతో, అతడు పక్కనున్న పాత కూర్పు తీసుకున్నాడు. పేజీలు పదిహేను వరకు తేడా వచ్చాయి. అప్పటి నుంచి పుస్తకం పేరున్న పేజీ ఫొటో లేకుండా పేజీ సంఖ్య చెప్పడం మానేశాను.

కూర్పు వేరైనప్పుడు పేజీ సంఖ్యను వదిలి భాగం పేరుతో వెతకాలి. 7.3 అనే సంఖ్య కూడా మారవచ్చు కానీ ముందుబిగింపు బలం, బిగింపు టార్క్ అనే శీర్షిక మాట అంత తేలికగా మారదు.

విశ్వవిద్యాలయం ఇచ్చిన పీడీఎఫ్‌లో 217 అని కొడితే వేరే చోటికి పోతోంది. ఏం చేయాలి?

పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్ ఫైలులోని మొదటి పుటను ఒకటిగా లెక్కిస్తుంది. పుస్తకంలో మాత్రం ముందుమాట, విషయసూచిక రోమన్ అంకెల్లో నడిచి, ఆ తరువాత పాఠం ఒకటితో మొదలవుతుంది. పాఠం మొదటి పేజీ తెరిచి, అది ఫైలులో ఎన్నో పుటగా కనిపిస్తోందో చూడండి. అది 19 అయితే తేడా 18. ఆ తేడాను ప్రతి పేజీకీ కలపాలి.

```
217 + 18 = 235
```

కొన్ని ఫైళ్లలో అచ్చు పేజీ సంఖ్యలనే ఫైలుకు కూడా కట్టి ఉంటారు, అప్పుడు 217 కొడితే నేరుగా వస్తుంది. ఒక్కసారి సరిచూసుకుంటే ఆ ఫైలు అంతటికీ చెల్లుతుంది. అధ్యాయాలను విడివిడి ఫైళ్లుగా దించుకుంటే మాత్రం ప్రతి ఫైలుకూ తేడా వేరుగా ఉంటుంది. అప్పుడు ఫైలు మొదటి పుటలో అచ్చయిన సంఖ్య చూసి లెక్క వేసుకోవాలి. అధ్యాయం 203తో మొదలైతే 217వ పేజీ ఆ ఫైలులో పదిహేనో పుట.

పాఠంలో పట్టిక చూడమని ఉంది, కానీ పుస్తకంలో ఎక్కడా ఆ పట్టిక లేదు. విషయసూచికలోనూ లేదు.

యంత్రభాగాల పుస్తకాల్లో కొన్నింటికి పట్టికలన్నీ విడిగా వేరే సంపుటంగా వస్తాయి. దానికి ఈ పేరుంటుంది.

```
Tabellenbuch
```

థ్రెడ్ల కొలతలు, పదార్థాల బలాలు, ఘర్షణ గుణకాలు అందులో ఉంటాయి. ప్రధాన పుస్తకపు విషయసూచికలో దాని పేజీలు ఉండవు. గ్రంథాలయం జాబితాలో ఆ సంపుటం ఒక్కోసారి వేరే పుస్తకంగా నమోదై ఉంటుంది, కాబట్టి పుస్తకం పేరుతో పాటు పై మాటను కూడా చేర్చి వెతకండి. దొరికాక దాని కూర్పు ప్రధాన పుస్తకపు కూర్పుతో సరిపోతుందో చూడాలి. పట్టికల సంఖ్యలు కూడా కూర్పుతో మారవచ్చు.

అధ్యాయాన్ని స్కాన్ చేసుకోవాలి. ఎక్కడి నుంచి ఎక్కడి వరకో ఫొటో చూసి తేల్చవచ్చా?

తేల్చవచ్చు. తరువాతి అధ్యాయం మొదలయ్యే పేజీ నుంచి ఒకటి తీసేస్తే సరిపోతుంది. ఏడో అధ్యాయం 203లో, ఎనిమిదోది 235లో మొదలైతే మీకు కావలసింది 203 నుంచి 234 వరకు, అంటే 32 పేజీలు. భాగాల విషయంలో మాత్రం ఒకటి తీసేయకూడదు. 7.3 భాగం 217లో, 7.4 భాగం 228లో మొదలైతే 228వ పేజీ పైసగంలో 7.3 ముగింపు ఉండవచ్చు. అందుకని 217 నుంచి 228 వరకు, ఆ చివరి పేజీని కూడా కలిపి స్కాన్ చేయాలి. లెక్కలు సాధించి చూపిన ఉదాహరణలు భాగం చివరనే ఉంటాయి కాబట్టి ఆ అర పేజీ పోతే కావలసిందే పోయినట్టు.